తేదీలన్నీ ఒకే పట్టికలోకి

1957లో అమెరికాలో టెక్నికాన్ అనే కంపెనీ ఆటోఎనలైజర్ అనే యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. క్లీవ్‌లాండ్‌లో పనిచేసే లియొనార్డ్ స్కెగ్స్ అనే జీవరసాయన శాస్త్రవేత్త దాన్ని రూపొందించాడు. అప్పటిదాకా రక్తపరీక్ష అంటే చేత్తో చేసే పని. పిపెట్‌తో పీల్చడం, రసాయనం కలపడం, వేడి చేయడం, రంగు ఎంత ముదిరిందో చూడడం, ఇదంతా ప్రతి మనిషి రక్తానికీ మళ్ళీ మొదటినుంచీ చేయాలి. స్కెగ్స్ ఆ పనంతా సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోకి మార్చాడు. శాంపిల్స్ ఒకదాని వెనక ఒకటి గొట్టంలో నడుస్తాయి. ఒకదానితో ఇంకొకటి కలిసిపోకుండా మధ్యలో గాలి బుడగలు అడ్డం ఉంటాయి. ఆ చిన్న ఉపాయంతో ల్యాబుల స్వరూపమే మారిపోయింది. 1960ల చివరికల్లా అదే కంపెనీ SMA 12/60 అనే యంత్రం తెచ్చింది. గంటకు 60 శాంపిల్స్, ఒక్కొక్కదానికి 12 పరీక్షలు.

ఆ యంత్రం ఫలితాలను అంకెలుగా కాక గీతగా ఇచ్చేది. ముందే అచ్చువేసిన పొడుగాటి కాగితం మీద పన్నెండు పరీక్షలకు పన్నెండు నిలువు గళ్ళు ఉండేవి. ప్రతి గడిలో ఆరోగ్యవంతులకు ఉండే స్థాయిని బూడిద రంగు పట్టీగా ముద్రించి ఉంచేవారు. పెన్ను గీసిన గీత ఆ పట్టీలోంచి ఎక్కడ బయటికి పోయిందో డాక్టరు ఒక్క చూపులో పట్టుకునేవాడు. ఇప్పటి రిపోర్టుల్లో ఫలితం పక్కన అచ్చయ్యే నార్మల్ రేంజ్‌కు ఆ బూడిద పట్టీ దగ్గరి పూర్వీకురాలు.

ఆ కాగితంలో లోపమల్లా ఒకటే. దాని మీద ఒక్క తేదీ మాత్రమే ఉండేది. పన్నెండు పరీక్షలు పక్కపక్కనే కనిపించేవి గానీ, అదే పరీక్ష పోయిన నెలలో ఎంత వచ్చిందో తెలియాలంటే పాత కాగితాన్ని వెతుక్కోవాల్సిందే. ఆసుపత్రి ఫైళ్ళలో ల్యాబు చీటీలను పై అంచు దగ్గర అతికించి, ఒకదాని మీద ఒకటి పెంకులు పరిచినట్టు వరసగా పేర్చేవారు. పైన కొత్తది, కింద పాతది. ఒక్కో చీటీ ఎత్తి చూస్తూ, అంకెను మనసులో పెట్టుకుంటూ కిందికి దిగాలి. చేత్తో చేసే రోజుల్లో ఒక రోగికి మొత్తం మీద నాలుగైదు చీటీలే ఉండేవి కాబట్టి తంటా ఉండేది కాదు. యంత్రం వచ్చి రోజుకు డజను ఫలితాలు ఇవ్వడం మొదలుపెట్టాక ఆ పెంకుల కింద రోగి కథ కనపడకుండా పోయింది. తేదీల వరసలో పట్టిక కావాలన్న అవసరం ఫలితాలు కరువై వచ్చింది కాదు, అవి ఎక్కువై వచ్చింది.

కాలాన్ని కాగితం మీద పరిచి చూడాలన్న ఆలోచన మాత్రం అంతకు వందేళ్ళ ముందే పుట్టింది, అదీ జ్వరం దగ్గర. లీప్‌జిగ్‌లో కార్ల్ వుండర్లిష్ అనే వైద్యుడు తన ఆసుపత్రికి వచ్చిన వేలమంది ఉష్ణోగ్రతను రోజూ మళ్ళీ మళ్ళీ కొలిపించాడు. 1868లో ఆ అనుభవమంతా పుస్తకంగా వేశాడు. ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 37 డిగ్రీలు. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని అది కాదు. ఒక్కసారి కొలిచిన ఉష్ణోగ్రత కంటే అది రోజుల తరబడి ఎలా ఎక్కిందీ ఎలా దిగిందీ అన్నదే జబ్బేమిటో చెబుతుందని ఆయన నమ్మాడు, గీతలు గీసి చూపించాడు. మెట్లుమెట్లుగా ఎక్కే జ్వరం వేరు, రోజు విడిచి రోజు వచ్చే జ్వరం వేరు. మంచం కాళ్ళ దగ్గర వేలాడే జ్వరపు చార్టు అక్కడి నుంచి లోకమంతా పాకింది.

జ్వరానికి అది తేలిక. కొలత ఒకటే, సాధనం ఒకటే, కొలిచేది కూడా అదే వార్డులో. రక్తపరీక్షల విషయానికొస్తే ఇవేవీ వర్తించవు. అందుకే జ్వరపు చార్టు దారిలో ల్యాబు పట్టిక రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. దాన్ని కేస్ షీటులోకి పట్టుబట్టి తెచ్చినవాడు లారెన్స్ వీడ్.

వీడ్ వైద్యుడే గానీ ప్రయోగశాలలో పరిశోధన చేసి వచ్చినవాడు. పరిశోధకుడి నోటు పుస్తకంలో ఏది ఎప్పుడు ఎందుకు చేశారో వరసగా ఉంటుంది. ఆసుపత్రి ఫైలులో అలాంటి క్రమం మచ్చుకైనా కనిపించలేదని ఆయన బాధ. ఫైలును రోగి సమస్యల జాబితా చుట్టూ తిరగరాయాలని 1968లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రెండు భాగాల వ్యాసం రాశాడు. ఆ వ్యాసం ఎక్కువగా సమస్యల జాబితా గురించే ప్రసిద్ధమైంది. కానీ అందులో ఇంకో ముక్క ఉంది, ఫ్లో షీటు. త్వరత్వరగా మారే విషయాలను వాక్యాల్లో రాస్తే అవి ఒకదానితో ఒకటి పోల్చడానికి అందవు, కాబట్టి గళ్ళు గీసి కాలం ప్రకారం రాయాలన్నాడు. కిడ్నీ దెబ్బతిన్న రోగికి ఒకే కాగితం మీద తేదీ, తాగిన నీరు, వచ్చిన మూత్రం, పొటాషియం, క్రియాటినిన్, ఇచ్చిన మందు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. మందు ఏ రోజు మొదలైంది, అంకె ఏ రోజు కదిలింది అన్నది కళ్ళు పైనుంచి కిందికి జారితేనే తెలుస్తుంది.

తేదీ గడి అలా కుదిరింది. పక్కనే ఉన్న మిగతా గళ్ళు అంత సులువుగా కుదరలేదు. ఒక్కో గడి వెనక ఒక్కో తగాదా ఉంది. వాటిని చూపించడానికి ఒకే పరీక్ష పట్టుకుని నడుస్తాను. క్రియాటినిన్. కండరాల పనిలో పుట్టి, కిడ్నీల ద్వారా బయటికి పోయే పదార్థం ఇది. కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పేరుకుంటుంది. ఒక్కసారి చూసినదానికంటే ఏళ్ళ తరబడి చూస్తేనే దీని మాట అర్థమవుతుంది.

మొదటి తగాదా నార్మల్ అన్న మాట మీదే. ఆసుపత్రుల్లో దశాబ్దాల పాటు నార్మల్ విలువలను ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకున్నారు. వైద్య విద్యార్థుల రక్తం తీసి లెక్కకట్టినవి కొన్ని, పాఠ్యపుస్తకంలోంచి ఎత్తి రాసినవి కొన్ని. ఫిన్లాండ్‌కు చెందిన రాల్ఫ్ గ్రాస్‌బెక్, నిల్స్-ఎరిక్ సారిస్ 1969లో ఈ అయోమయానికి ఒక పద్ధతి చెప్పారు. ఎవరి రక్తం, ఏ వయసు, ఏ పద్ధతిలో కొలిచారు అన్నవి చెప్పకుండా నార్మల్ అనడానికి వీల్లేదన్నారు. ఆ మనుషుల గుంపును రిఫరెన్స్ గుంపు అని పిలవాలి, ఆ గుంపులో మధ్యనున్న 95 శాతం మంది విలువలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో అదే రేంజ్. తర్వాత అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య ఒక గుంపులో కనీసం 120 మంది ఉండాలని నియమం పెట్టింది.

ఈ నిర్వచనాన్ని కాస్త ఆగి చూడాలి. మధ్యనున్న 95 శాతం అంటే, ఏ జబ్బూ లేనివాళ్ళలోనే ప్రతి ఇరవై మందిలో ఒకరు రేంజ్ దాటి ఉంటారు. రేంజ్ దాటినంత మాత్రాన జబ్బు కాదు, లోపల ఉన్నంత మాత్రాన ఆరోగ్యమూ కాదు. ఒక ల్యాబు రేంజ్ ఇంకో ల్యాబుకు చెల్లదు కూడా, ఎందుకంటే గుంపు వేరు, కొలిచే పద్ధతి వేరు. అందుకని తేదీల పట్టికలో రేంజ్‌ను పైన ఒక్కసారి రాసి వదిలేస్తే కుదరదు. ప్రతి వరసలోనూ ఆ రోజు ఆ ల్యాబు ఇచ్చిన రేంజ్‌నే రాయాలి. చాలామంది తయారుచేసే పట్టికలు ఇక్కడే తప్పుతాయి.

రెండో తగాదా యూనిట్ల మీద. అమెరికాలోనూ మన దేశంలోనూ క్రియాటినిన్‌ను డెసిలీటరు రక్తద్రవంలో ఎన్ని మిల్లీగ్రాములని లెక్కపెడతాం. రిపోర్టులో mg/dL అని కనిపించేది అదే. అణువుల లెక్కలో చెబితే శరీరంలో ఏది ఎంత ఉందో నేరుగా పోల్చవచ్చన్న వాదన యూరప్‌లో బలంగా ఉండేది. 1977లో ప్రపంచ ఆరోగ్య సభ వైద్యమంతా అంతర్జాతీయ యూనిట్లకు మారాలని సిఫారసు చేసింది. బ్రిటన్, మిగతా యూరప్‌లో చాలా భాగం మారాయి. అమెరికా పత్రికలు 1980ల్లో మారబోయాయి, డాక్టర్లు ఒప్పుకోలేదు. న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 1992లో పాత యూనిట్లకు తిరిగి వచ్చేసింది. అలా లోకం రెండుగా చీలి ఉండిపోయింది. గల్ఫ్ దేశాల ఆసుపత్రుల్లో చాలావరకు లీటరుకు మైక్రోమోల్స్, అంటే µmol/L. మన జగిత్యాలలో, కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో మిల్లీగ్రాములు. రెండేళ్ళకోసారి ఇంటికి వచ్చే గల్ఫ్ కార్మికుడి చేతి సంచిలో ఈ రెండు లోకాల కాగితాలూ కలిసే ఉంటాయి.

మార్చడం కష్టం కాదు. క్రియాటినిన్‌కు 1 mg/dL అంటే 88.4 µmol/L. కానీ ఆ సంఖ్య ఒక్క క్రియాటినిన్‌కే చెల్లుతుంది. గ్లూకోజ్‌కు 18, అదీ మిల్లీమోల్స్ లెక్కలో, తలకిందులుగా: 1 mmol/L అంటే 18 mg/dL. ఒకదాని సంఖ్య ఇంకొకదానికి వాడితే ఫలితం చూడ్డానికి నమ్మదగ్గట్టే ఉంటుంది, తప్పని ఎవరికీ అనిపించదు. అందుకే పట్టికలో మార్చిన విలువ పక్కనే రిపోర్టులో ఉన్న అసలు అంకెను, దాని యూనిట్‌ను చెరపకుండా ఉంచాలి. ఎవరైనా తిరిగి లెక్క చూసుకోవాలంటే అదే ఆధారం.

మూడోది కొలిచే పద్ధతి. దీని కథ పాతది. 1886లో మాక్స్ యాఫే అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్రియాటినిన్‌ను పిక్రిక్ ఆమ్లంతో క్షారంలో కలిపితే పసుపు పోయి నారింజ ఎరుపు వస్తుందని గమనించాడు. ఆ రంగు ఎంత గాఢంగా ఉందో చూసి పరిమాణం కొలిచే పద్ధతిని 1904లో ఓటో ఫోలిన్ తెచ్చాడు. ఆశ్చర్యమేమంటే ఈ రంగు చర్యనే ఇప్పటికీ ఎన్నో ల్యాబులు వాడుతున్నాయి, చవక కాబట్టి. చిక్కేమిటంటే పిక్రిక్ ఆమ్లం క్రియాటినిన్‌తో మాత్రమే కాదు, గ్లూకోజ్‌తో, కీటోన్లతో, ప్రోటీన్లతో కూడా కొంత రంగు ఇస్తుంది. దాంతో అంకె ఉన్నదానికంటే కాస్త ఎక్కువగా పడుతుంది. ఎంజైమ్ పద్ధతిలో ఈ ఇబ్బంది చాలా తక్కువ. యంత్రాలన్నింటినీ ఒకే ప్రామాణిక పదార్థంతో సరిచేయాలన్న ప్రయత్నం 2006లో గట్టిగా మొదలయ్యాక ల్యాబుల మధ్య తేడా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఒక మనిషి ఒకసారి యాఫే పద్ధతిలో, ఇంకోసారి ఎంజైమ్ పద్ధతిలో పరీక్ష చేయించుకుంటే, కిడ్నీలో ఏ మార్పూ లేకపోయినా పట్టికలో మెట్టు కనిపించవచ్చు. సుగర్ బాగా పెరిగి ఉన్న రోజున ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది.

ఇన్ని గళ్ళు కుదిరాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంది. రెండు తేదీల అంకెలు వేర్వేరుగా ఉంటే, ఎంత తేడా ఉంటే నిజమైన మార్పు? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాడు యూజీన్ హారిస్ అనే అమెరికా గణాంక శాస్త్రవేత్త. ఆయన, కాట్లోవ్, విలియమ్స్ కలిసి 1970 ప్రాంతంలో ఆరోగ్యవంతులకు వారం వారం రక్తం తీసి కొలిచారు. వాళ్ళకు రెండు విషయాలు కనిపించాయి. ఒకే మనిషి అంకె వారం వారం కొద్దిగా ఊగుతుంది. అయితే ఆ ఊగిసలాట మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాతో పోలిస్తే చాలా పరీక్షల్లో చిన్నది. క్రియాటినిన్ అలాంటి పరీక్షే. ఒకరిది ఎప్పుడూ 0.8 చుట్టూ తిరుగుతుంది, ఇంకొకరిది 1.1 చుట్టూ. గుంపు కోసం కట్టిన 0.7 నుంచి 1.3 దాకా ఉన్న రేంజ్ వీళ్ళిద్దరికీ మరీ వదులు. 0.8 మనిషి 1.2కి ఎక్కినా రేంజ్‌లోనే ఉంటాడు, రిపోర్టు మీద గుర్తు పడదు. మనిషికి అతని పాత విలువలే సరైన రేంజ్ అన్న మాట 1974లో హారిస్ గట్టిగా చెప్పాడు. తేదీల పట్టిక ఎందుకు కావాలో చెప్పే వాదనల్లో ఇంతకంటే బలమైనది నాకు తెలియదు.

1983లో హారిస్ యసాకాతో కలిసి దానికి లెక్క కట్టాడు. ఒకే మనిషిలో సహజంగా ఉండే ఊగిసలాటను శాతంగా తీసుకోవాలి, యంత్రం చేసే ఊగిసలాటను కూడా శాతంగా తీసుకోవాలి. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీసి 2.77తో గుణించాలి. క్రియాటినిన్‌కు మనిషి ఊగిసలాట 5 శాతం, మంచి ల్యాబులో యంత్రానిది 3 శాతం అనుకుంటే దాదాపు 16 శాతం వస్తుంది. రెండు అంకెల మధ్య తేడా అంతకంటే తక్కువైతే అది ఊగిసలాట కావచ్చు. దాటితే నిజమైన మార్పు అనుకోవడానికి గట్టి కారణం ఉన్నట్టు. ఇది ఒకే ల్యాబు, ఒకే పద్ధతి అయినప్పుడే అన్నది మరవకూడదు.

ఇక పేర్ల సంగతి. ఇండియానాపొలిస్‌లోని రీగెన్‌స్ట్రీఫ్ సంస్థలో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ 1970ల మొదటి నుంచే కంప్యూటర్లో రోగుల రికార్డులు నడిపిస్తున్నాడు. వేర్వేరు ఆసుపత్రుల ఫలితాలను ఒకచోటికి తేవాలని చూస్తే ప్రతి ఆసుపత్రీ ఒకే పరీక్షను వేరే కోడ్‌తో పిలిచేది. దీనికోసం 1994లో ఆయన బృందం LOINC అనే కోడ్ల జాబితా మొదలుపెట్టింది. అందులో మిల్లీగ్రాముల్లో కొలిచే రక్తపు క్రియాటినిన్ `2160-0`. మోల్స్‌లో కొలిచేదానికి వేరే కోడ్, `14682-9`. రెండూ ఒకే పదార్థం కదా, రెండు కోడ్లెందుకు అనిపిస్తుంది. అంకెలను యూనిట్ మార్చకుండా ఒకే నిలువు వరసలో పడేయకుండా ఆపే గట్టు అదే. యూనిట్లు రాసే పద్ధతి కూడా స్థిరపడింది. కంప్యూటర్ కోడ్‌లో మైక్రోను గ్రీకు అక్షరంతో కాక `umol/L` అని రాస్తారు. గ్రీకు అక్షరం కొన్ని ప్రింటర్లలో m అయిపోయేది, అది జరిగితే విలువ వెయ్యి రెట్లు మారిపోతుంది. 2016లో మన దేశం ప్రకటించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాల్లో కూడా LOINC ఉంది. వీధి చివర ల్యాబు ఇచ్చే కాగితంలో మాత్రం ఇవేవీ ఉండవు. కాబట్టి మనమే కట్టుకోవాలి.

ఒక ఉదాహరణ కడదాం. 2019లో 46 ఏళ్ళున్న ఒక మనిషి, జగిత్యాల వైపు ఊరు, గల్ఫ్‌లో పని. ఆరేళ్ళలో ఆరు రిపోర్టులు. గల్ఫ్‌లో మూడుసార్లూ ఒకే ఆసుపత్రి.

| తేదీ | ఎక్కడ | రిపోర్టులో ఉన్నది | mg/dLలో | ఆ ల్యాబు రేంజ్ | గుర్తు | గమనిక |
|---|---|---|---|---|---|---|
| 12-03-2019 | గల్ఫ్ | 88 µmol/L | 1.00 | 62–106 µmol/L | లేదు | ఉద్యోగ వైద్య పరీక్ష |
| 20-11-2020 | జగిత్యాల | 1.1 mg/dL | 1.1 | 0.7–1.3 mg/dL | లేదు | |
| 08-08-2021 | గల్ఫ్ | 101 µmol/L | 1.14 | 62–106 µmol/L | లేదు | |
| 17-10-2022 | కరీంనగర్ | 1.4 mg/dL | 1.4 | 0.7–1.3 mg/dL | ఎక్కువ | వాంతులు, విరేచనాలు, రెండో రోజు |
| 05-12-2023 | గల్ఫ్ | 115 µmol/L | 1.30 | 62–106 µmol/L | ఎక్కువ | |
| 22-09-2024 | హైదరాబాద్ | 1.3 mg/dL | 1.3 | 0.7–1.3 mg/dL | లేదు | |

గుర్తు ఉన్న గడిని మాత్రమే చూస్తే ఈ మనిషి కథ అస్తవ్యస్తంగా ఉంటుంది. నాలుగో రిపోర్టులో ఎక్కువ, ఐదోదాంట్లో ఎక్కువ, ఆరోదాంట్లో సరిగ్గా ఉంది. చివరి కాగితం చేతిలో ఉన్నవాడు నయమైందనుకుంటాడు. ఐదు, ఆరు వరసలు దగ్గర పెట్టి చూడండి. గల్ఫ్‌లో 1.30, హైదరాబాద్‌లో 1.3. రక్తంలో మారిందేమీ లేదు. గల్ఫ్ ల్యాబు పై హద్దు 106 మైక్రోమోల్స్, అంటే 1.2. హైదరాబాద్ ల్యాబుది 1.3. గుర్తు మారింది హద్దు వల్లే. అందుకే అంటున్నాను, రేంజ్ వరస వరసకూ రాయాలని.

నాలుగో వరస ఇంకా ప్రమాదకరమైంది. గమనిక గడి లేకపోతే 1.4 నుంచి 1.3కి దిగాడని, కిడ్నీ మెరుగుపడుతోందని ఎవరైనా చదువుతారు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు క్రియాటినిన్ తాత్కాలికంగా పెరుగుతుంది. ఆ అంకె నిజమే, దాన్ని పట్టికలోంచి తీసేయకూడదు. కానీ దీర్ఘకాలపు వరస చదివేటప్పుడు దాన్ని పక్కన పెట్టాలి. పరీక్షకు ముందు జరిగింది అప్పుడే రాసుకోకపోతే రెండేళ్ళ తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు ఒకే ల్యాబు వరసలు మాత్రం తీసుకుందాం. గల్ఫ్‌లో 88, 101, 115. మొదటిదాని నుంచి రెండోదానికి దాదాపు 15 శాతం పెరుగుదల, రెండోదాని నుంచి మూడోదానికి 14 శాతం. హారిస్ లెక్క 16 శాతం ప్రకారం ఈ రెండు మెట్లలో ఏదీ విడిగా నిలవదు. ప్రతిసారీ పక్కనున్న పాత రిపోర్టుతో మాత్రమే పోల్చిన డాక్టరు రెండుసార్లూ ఊగిసలాటే అని సరిగ్గానే అనుకుంటాడు. మొదటిదాన్నీ మూడోదాన్నీ పోలిస్తే 31 శాతం. అది హద్దు దాటింది. మూడూ ఒకే దిక్కుకు నడిచాయి కూడా. ఈ మార్పు ఏ ఒక్క రిపోర్టులోనూ లేదు, ఏ రెండు పక్కపక్క రిపోర్టుల్లోనూ లేదు. పట్టికలోనే ఉంది.

ఇంకో మెట్టు పైకి పోవచ్చు. వయసు, క్రియాటినిన్, ఆడా మగా అన్నవి తీసుకుని కిడ్నీ వడపోతను అంచనా వేసే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రం ప్రకారం ఈ మనిషికి 2019లో దాదాపు 94, 2023లో దాదాపు 67. క్రియాటినిన్‌లో 0.3 పెరగడం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, వడపోతలో నాలుగో వంతుకు పైగా పోయింది. క్రియాటినిన్, వడపోత తలకిందులుగా నడవడమే దీనికి కారణం. జాన్స్ హాప్కిన్స్‌లో మిచ్, వాల్సర్ బృందం 1976లో క్రియాటినిన్‌కు బదులు ఒకటిని క్రియాటినిన్‌తో భాగించి కాలం మీద గీసింది. చాలామంది రోగుల్లో ఆ గీత సూటిగా కిందికి దిగింది. కిడ్నీలు ఎంత వేగంగా దెబ్బతింటున్నాయో అంకెల వరసలోంచి చదవవచ్చని వైద్యులకు అప్పుడు నమ్మకం కుదిరింది. తొలి మెట్లలో, అంటే 1 నుంచి 1.3 దాకా ఉన్న చిన్న పెరుగుదలలోనే ఎక్కువ నష్టం దాగి ఉంటుందని కూడా ఆ లెక్కే చూపిస్తుంది.

పట్టిక ఇక్కడితో ఆగుతుంది, ఆగాలి కూడా. 67 అన్నది 60 కంటే పైనే ఉంది. ఆ అంకె ఒక్కదాని మీద ఇతనికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని చెప్పలేం. మూత్రంలో ఆల్బుమిన్ పోతోందో లేదో చూడాలి. బీపీ, సుగర్, వాడిన నొప్పి మాత్రలు, గల్ఫ్ ఎండలో చేసిన పని, కండ పెరిగిందా, మాంసం ఎక్కువ తిన్నాడా అన్నవి డాక్టరు అడగాలి. కండ ఎక్కువైనా, మాంసం ఎక్కువ తిన్నా క్రియాటినిన్ పెరుగుతుంది. జగిత్యాల రిపోర్టులోని 1.1ను 1.10 అని రాయకూడదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఒక దశాంశంతో ఇచ్చిన 1.1 అసలు 1.05 కావచ్చు, 1.14 కావచ్చు. లేని కచ్చితత్వాన్ని పట్టికలో చేరిస్తే చదివేవాడు లేని మార్పును చూస్తాడు.

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు నిర్వచనంలోనే కాలం ఉంది. లోపం మూడు నెలలకు పైగా ఉంటేనే ఆ పేరు. ఒక్క తేదీతో దాన్ని నిర్ధారించడానికి వీల్లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, పలాస వైపు ఊళ్ళలో ఇది ఎంత బరువైన మాటో అక్కడివాళ్ళకు తెలుసు. సుగర్, బీపీ లేనివాళ్ళలో కూడా కిడ్నీలు చెడిపోతున్న ఆ ప్రాంతంలో క్యాంపు పెట్టి ఒకసారి రక్తం తీసి క్రియాటినిన్ 1.5 అని రాస్తే, అది ఆ రోజు కొబ్బరి తోటలో, జీడి తోటలో ఎండకు పనిచేసి నీరు తగ్గినందువల్లా, ఏళ్ళ నుంచీ ఉన్నదా అన్నది తేలదు. మూడు నెలల తర్వాత అదే మనిషి రక్తాన్ని అదే ల్యాబులో, అదే పద్ధతిలో కొలిచి, ముందు రోజు ఏం పని చేశాడో పక్కన రాసి, మొదటి అంకె కింద చేర్చాలి. రెండో వరస పడేదాకా మొదటి వరస ఎటు చదివినా చదవవచ్చు.